రాత్రి తిన్న పప్పు పొద్దున వాంతిలో: మధుమేహంలో గ్యాస్ట్రోపరేసిస్ ఎలా వస్తుంది, ఎలా కొలుస్తారు

ఖమ్మంలో ఒక బడిలో లెక్కలు చెప్పే సరోజ అనే యాభై రెండేళ్ల ఉపాధ్యాయురాలిని ఊహించుకుందాం. ఆమె ఈ వ్యాసం కోసం కల్పించుకున్న మనిషే గాని, ఆమె కథ మధుమేహ వైద్యులకు కొత్తది కాదు. షుగరు వచ్చి పంతొమ్మిదేళ్లయింది, ఎనిమిదేళ్లుగా ఇన్సులిన్ మీద ఉంది. రాత్రి ఎనిమిదిన్నరకు భోజనం, దానికి పావుగంట ముందు సూది. పది గంటలకల్లా చెమటలు పట్టి చేతులు వణుకుతాయి, గ్లూకోమీటరు 58 చూపిస్తుంది. నాలుగు బిస్కెట్లు తిని పడుకుంటే తెల్లవారుజామున ఐదింటికి అదే మీటరు 312 చూపిస్తుంది. చాటుగా స్వీట్లు తింటోందని ఇంట్లోవాళ్ల అనుమానం. పొద్దుటి అంకె చూసి డాక్టరు సూది మోతాదు పెంచారు, దాంతో రాత్రి వణుకు ఇంకా ఎక్కువైంది.

మరోవైపు ఆమెకు నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోంది. పుల్లటి తేన్పులు, వికారం ఆరునెలలుగా ఉన్నాయి గాని అవి గ్యాస్ అని సరిపెట్టుకుని మాత్రలు వేసుకుంటోంది. ఒకరోజు పొద్దున్నే పరగడుపున వాంతి అయితే అందులో రాత్రి కూరలో వేసిన శనగపప్పు బద్దలు చెక్కుచెదరకుండా కనిపించాయి. తిని పది గంటలు దాటింది.

ఈ రెండు బాధలకూ మూలం ఒకటే. రాత్రి తిన్న అన్నం సమయానికి కడుపు దాటలేదు. సూది మందు పని చేసే వేళకు పేగులోకి పిండిపదార్థం చేరలేదు కనుక షుగరు పడిపోయింది. సూది ప్రభావం తీరిపోయాక, అర్ధరాత్రి తరువాత, అన్నం మెల్లగా దిగింది కనుక తెల్లారేసరికి షుగరు పెరిగింది. కడుపుకూ పేగుకూ మధ్య అడ్డు ఏదీ లేకుండానే ఆహారం ఇలా ఆలస్యంగా దిగే స్థితిని గ్యాస్ట్రోపరేసిస్ అంటారు, అంటే కడుపు కండరాల మందగింపు. మధుమేహంతో దీనికున్న సంబంధాన్ని గుర్తించి 1958లో పాల్ కసాండర్ అనే అమెరికన్ వైద్యుడు 'గ్యాస్ట్రోపరేసిస్ డయాబెటికోరం' అని పేరు పెట్టాడు.

కడుపు సంచి కాదు, రోలు

కడుపును చాలామంది అన్నం నిలవ ఉండే సంచి అనుకుంటారు. నిజానికి దాని పై భాగం మాత్రమే సంచి. ముద్ద దిగగానే ఆ భాగం వదులై చోటిస్తుంది. కింది భాగం రోలు లాంటిది. అక్కడ నిమిషానికి సుమారు మూడుసార్లు ఒక ముడుచుకునే అల బయలుదేరి పైలోరస్ అనే సన్నని ద్వారం వైపు సాగుతుంది. ద్వారం దాదాపు మూసుకునే ఉంటుంది కాబట్టి ముద్ద దానికి కొట్టుకుని వెనక్కి వస్తుంది, మళ్లీ నలుగుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల కంటే చిన్నవిగా నలిగిన రేణువులే ద్రవంతో కలిసి చిన్నపేగులోకి జారతాయి. మంచినీళ్లు, మజ్జిగ వంటివాటికి ఈ రుబ్బుడు అక్కర్లేదు, అవి కడుపు పై భాగపు ఒత్తిడితోనే చాలావరకు వెళ్లిపోతాయి. అందువల్లే గ్యాస్ట్రోపరేసిస్ ఉన్నవారిలో కూడా ద్రవాలు చాలాసార్లు మామూలుగానే దిగుతాయి, ఘనపదార్థాలే నిలిచిపోతాయి. ఈ తేడాను గుర్తుపెట్టుకుంటే తరువాత వచ్చే పరీక్ష, భోజనం, మందులు మూడూ సులువుగా అర్థమవుతాయి.

నలగని నార సంగతి వేరు. గోంగూర ఈనెలు, మునక్కాడ పీచు, కొబ్బరి పిప్పి వంటివి ఎంత రుబ్బినా రెండు మిల్లీమీటర్లకు దిగవు. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు గంటన్నర, రెండు గంటలకొకసారి ఒక బలమైన అల వచ్చి వాటిని ఊడ్చేస్తుంది. గ్యాస్ట్రోపరేసిస్‌లో ఈ ఊడుపు కూడా బలహీనపడుతుంది. అప్పుడు నార పోగుపడి ఉండ కట్టే అవకాశం ఉంది. ఆ ఉండను బెజోర్ అంటారు.

షుగరు ఎక్కడ దెబ్బ తీస్తుంది

ఏళ్ల తరబడి అదుపులో లేని షుగరు పాదాల నరాలను పాడుచేసినట్టే కడుపుకు ఆదేశాలు తెచ్చే వేగస్ నరాన్నీ పాడుచేస్తుంది. అయితే దెబ్బ అక్కడితో ఆగదు. కడుపు గోడలోనే ఉండి ఆ అలలకు తాళం వేసే కజాల్ కణాలు తగ్గిపోతాయి. పైలోరస్‌ను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేసే నరకణాలూ తగ్గుతాయి. అంటే రోలు బలహీనమవుతుంది, ద్వారం బిగుసుకుంటుంది. ఎవరిలో ఏది ఎక్కువన్నది మనిషిని బట్టి మారుతుంది.

ఎంతమందికి వస్తుందంటే, అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఒక కౌంటీ ప్రజలను పదేళ్ల కాలానికి లెక్క వేసినప్పుడు టైప్ 1 మధుమేహం ఉన్నవారిలో సుమారు 5 శాతం మందికి, టైప్ 2 వారిలో సుమారు 1 శాతం మందికి ఇది వచ్చింది, మధుమేహం లేనివారిలో 0.2 శాతమే. శాతం టైప్ 1లో ఎక్కువే అయినా, మన దగ్గర టైప్ 2 వారి సంఖ్య ఎంతో పెద్దది కనుక డాక్టరు ముందు కూర్చునేవారిలో ఎక్కువమంది వాళ్లే ఉంటారు.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి, నరాలు బాగున్నా సరే, ఆ పూట షుగరు బాగా పెరిగి ఉంటే కడుపు అప్పటికప్పుడే నెమ్మదిస్తుంది. రెండోది మందుల వల్ల వచ్చేది. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ వంటి వారానికొక సూది మందులు ఆకలి తగ్గించడంతో పాటు కడుపునూ నెమ్మదింపజేస్తాయి. వాడుతున్నకొద్దీ ఆ ప్రభావం కొంత తగ్గుతుంది గాని పూర్తిగా పోకపోవచ్చు. ఈ మందులు మన దేశంలో విరివిగా దొరుకుతున్నప్పటి నుంచి 'కడుపుకు పక్షవాతం' అనే మాట వార్తల్లోనూ వాట్సాప్ సందేశాల్లోనూ తిరుగుతోంది. మందు వల్ల కలిగే మందగింపు సాధారణంగా మందు మానాక తగ్గుతుంది, నరాలు దెబ్బతిని వచ్చిన గ్యాస్ట్రోపరేసిస్ మాత్రం అలా వదిలిపోదు. రెంటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. వార్తల్లోకి రాని మందులు మరికొన్ని ఉన్నాయి. నొప్పులకు వాడే ట్రమడాల్, మధుమేహం వల్ల అరికాళ్లు మండుతుంటే రాసే అమిట్రిప్టిలిన్ కూడా కడుపును నెమ్మదింపజేసేవే. నరాల జబ్బుకు ఇచ్చిన మాత్ర అదే నరాల జబ్బు మరో చోట ఉన్నట్టు కనిపింపజేయగలదన్నమాట. సరోజ రెండేళ్లుగా రాత్రిపూట అమిట్రిప్టిలిన్ వేసుకుంటోంది. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

కెమెరా ముందు ఒక ఫలహారం

లక్షణాలను బట్టి మాత్రమే గ్యాస్ట్రోపరేసిస్ అని తేల్చలేరు. అల్సరు మచ్చ కట్టి ద్వారం ఇరుకైనా, అక్కడ కంతి ఉన్నా ఇవే బాధలు ఉంటాయి. కాబట్టి ముందు ఎండోస్కోపీ చేసి అడ్డు ఏదీ లేదని చూస్తారు. రాత్రంతా పస్తున్నా కడుపులో మెతుకులు కనిపిస్తే అనుమానం బలపడుతుంది గాని, అది కొలత కాదు. కొలిచే పరీక్షను గ్యాస్ట్రిక్ ఎంప్టీయింగ్ స్టడీ అంటారు. దానిని న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో చేస్తారు.

పరీక్ష సూత్రం తేలికైనది. ఆహారంలో కొద్దిపాటి రేడియోధార్మిక టెక్నీషియం కలిపి వండి తినిపిస్తారు. గామా కెమెరా ముందు నిలబెట్టి, కడుపు ఉన్న చోటు నుంచి ఎన్ని కిరణాలు వస్తున్నాయో లెక్కిస్తారు. ఆహారం దిగిపోతున్నకొద్దీ లెక్క తగ్గుతుంది. 2008లో అమెరికాలోని రెండు వైద్య సంఘాలు కలిసి దీనికి ఒక పద్ధతి స్థిరపరిచాయి. 120 గ్రాముల గుడ్డు తెల్లసొన, రెండు బ్రెడ్డు ముక్కలు, 30 గ్రాముల స్ట్రాబెర్రీ జామ్, 120 మిల్లీలీటర్ల నీళ్లు, మొత్తం సుమారు 255 కేలరీలు. దీనిని పది నిమిషాల లోపు తినాలి. తిన్న వెంటనే, 1, 2, 4 గంటలకు ఫోటోలు తీస్తారు. 2 గంటలకు 60 శాతం కంటే ఎక్కువ గాని, 4 గంటలకు 10 శాతం కంటే ఎక్కువ గాని కడుపులో మిగిలి ఉంటే ఆలస్యం ఉన్నట్టు.

టెక్నీషియాన్ని తెల్లసొనలోనే కలిపి వండడానికి కారణం ఉంది. ఉడికి గడ్డకట్టినప్పుడు అది ఆ ముద్దకు అంటుకుని ఉంటుంది. వండిన తరువాత పైన చల్లితే ఊడి నీళ్లలో కలిసి దిగిపోతుంది, అప్పుడు మనం కొలిచేది ఘనపదార్థాన్ని కాదు, ద్రవాన్ని. ద్రవం బాగానే దిగుతుంది కనుక జబ్బు ఉన్నా ఫలితం మామూలుగా వస్తుంది. గుడ్డు తిననివారికి మన దేశంలో కొన్ని కేంద్రాలు ఇడ్లీ వంటి శాకాహారం ఇస్తాయి. అందులో తప్పేమీ లేదు, కాకపోతే పైన చెప్పిన హద్దులు తెల్లసొన ఫలహారానికి కట్టినవి. ఇడ్లీతో చేసినప్పుడు ఆరోగ్యవంతులకు అదే ఇడ్లీ పెట్టి రాబట్టిన అంకెలతోనే పోల్చాలి.

సరోజ పరీక్షను లెక్కలోకి దింపుదాం. కడుపు ముందు గోడ వైపున్న ఆహారం ముందు కెమెరాకు ఎక్కువగా, వెనక వైపుకు జరిగినది వెనక కెమెరాకు ఎక్కువగా కనిపిస్తుంది కనుక రెండు వైపుల లెక్కలనూ గుణించి వర్గమూలం తీస్తారు. తిన్న వెంటనే ముందు 80,000, వెనక 45,000 వచ్చాయి. గుణిస్తే 360 కోట్లు, దాని వర్గమూలం 60,000. నాలుగు గంటలకు ముందు 16,000, వెనక 9,000 వచ్చాయి, అంటే 12,000. అరవై వేలలో పన్నెండు వేలు మిగిలితే 20 శాతం, స్వల్ప ఆలస్యం అనిపిస్తుంది. కాని ఇందులో ఒక మోసం ఉంది. టెక్నీషియం తనంత తానే ప్రతి 6 గంటలకూ సగం అయిపోతుంది. నాలుగు గంటలకు మొదటి కిరణాలలో 63 శాతమే మిగులుతాయి, ఆహారం అసలు కదలకపోయినా సరే. అందువల్ల 12,000ను 0.63తో భాగించాలి. 19,000 పైచిలుకు వస్తుంది, అంటే 32 శాతం. 11 నుంచి 20 దాకా స్వల్పం, 21 నుంచి 35 దాకా మధ్యస్థం, ఆ పైన తీవ్రం అని వాడుకలో ఉన్న కొలబద్ద ప్రకారం సరోజది మధ్యస్థమైన ఆలస్యం. ఈ సవరణను యంత్రమే చేస్తుంది, రోగి చేయనక్కర్లేదు. రిపోర్టులోని అంకె వెనక ఇంత ఉందని చూపడానికే చెప్పాను.

పరీక్ష తప్పుదారి పట్టేది ఎక్కువగా లెక్కలో కాదు, తయారీలో. ఆ పొద్దున షుగరు 275 దాటి ఉంటే లేని ఆలస్యం కనిపించవచ్చు. కడుపును నెమ్మదింపజేసే మందులనూ వేగవంతం చేసే మందులనూ రెండు మూడు రోజుల ముందే డాక్టరు సలహాతో ఆపాలి. మన ఇళ్లలో పరగడుపున వేసుకునే 'గ్యాస్ మాత్ర' చాలాసార్లు ఒట్టి గ్యాస్ మాత్ర కాదు, పాంటోప్రజోల్‌తో, కడుపును వేగవంతం చేసే డోంపెరిడోన్ కలిపిన గొట్టం మాత్ర. దాన్ని మానకుండా పరీక్షకు వెళితే జబ్బు మరుగున పడవచ్చు. ఇంకో సాధారణమైన లోపం, నాలుగు గంటలు కూర్చోబెట్టే ఓపిక లేక గంటన్నరకో రెండు గంటలకో ముగించడం. మొదట్లో బాగానే దిగి చివరి భాగం నిలిచిపోయేవారు అలా తప్పించుకుంటారు. రిపోర్టులో నాలుగో గంట అంకె లేకపోతే ఆ పరీక్షను నేను సగం పరీక్షగానే లెక్కిస్తాను.

అంకె ఎక్కువైతే బాధ ఎక్కువా?

సహజంగా అవుననిపిస్తుంది, కాని నిపుణుల మధ్య అసలు వాదమంతా ఇక్కడే ఉంది. కడుపులో సగం అన్నం మిగిలినా వికారం లేనివారు ఉన్నారు. పరీక్ష మామూలుగా వచ్చినా రోజూ వాంతి చేసుకునేవారూ ఉన్నారు. అమెరికాలోని గ్యాస్ట్రోపరేసిస్ పరిశోధన బృందం 2021లో వెల్లడించిన ఫలితాలు ఈ వాదాన్ని ఇంకా రగిల్చాయి. అదే రోగులకు 48 వారాల తరువాత పరీక్ష మళ్లీ చేస్తే, మొదట గ్యాస్ట్రోపరేసిస్ అన్నవారిలో 42 శాతం మందికి మామూలుగా వచ్చింది. మొదట మామూలుగా వచ్చి 'ఫంక్షనల్ డిస్పెప్సియా', అంటే పైకి కారణం కనిపించని అజీర్తి, అనిపించుకున్నవారిలో 37 శాతం మందికి ఆలస్యం కనిపించింది. బాధలు మాత్రం రెండు గుంపులలోనూ ఒకేలా ఉన్నాయి. కాబట్టి ఇవి రెండు జబ్బులు కావు, ఒకే జబ్బుకు రెండు కొసలు అని ఒక పక్షం అంటుంది. కడుపు గోడ నరాల అతిస్పందన, పై భాగం వదులు కాకపోవడం కూడా బాధకు కారణాలే గనుక ఖాళీ అయ్యే వేగం ఒక్కదాన్నే పట్టుకుని వేలాడవద్దన్నది వారి మాట.

రెండో పక్షం జవాబూ తేలిగ్గా తీసిపారేసేది కాదు. పాత అధ్యయనాలలో చాలావాటిలో రెండు గంటలకే ఆపేసిన పరీక్షలు, ద్రవాలతో చేసిన పరీక్షలు కలిసిపోయాయని, సరైన పద్ధతిలో ఘనాహారంతో చేసినవాటినే ఏరి చూస్తే వేగం పెరిగిన మేరకు బాధా తగ్గినట్టు కనిపిస్తోందని 2019లో వచ్చిన ఒక సమీక్ష చూపింది. నా మటుకు, మధుమేహం ఉన్నవారి విషయంలో ఈ వాదంలో ఒక కోణం తగినంతగా పైకి రావడం లేదనిపిస్తుంది. వికారంతో సంబంధం లేకపోయినా, ఆలస్యానికీ షుగరుకూ సంబంధం ఉంది. ఇన్సులిన్ వేసుకునే మనిషికి అన్నం ఎప్పుడు దిగుతుందో తెలియడం దానికదే విలువైన సమాచారం.

పీచు తినమన్న డాక్టరే పీచు మానమంటే

మధుమేహం అనగానే జొన్నరొట్టె, పొట్టు పెసర్లు, పచ్చి కూరముక్కలు, ఆకుకూరలు తినమంటారు. గ్యాస్ట్రోపరేసిస్ తేలగానే ఇవన్నీ తగ్గించి మెత్తటి ఇడ్లీ, పొట్టు తీసిన పెసరపప్పు, సొరకాయ, బీరకాయ తినమంటారు. రోగి తికమకపడటంలో ఆశ్చర్యం లేదు. రెండు సలహాలూ నిజమే, కాకపోతే వాటి లక్ష్యాలు వేరు. పీచు మేలు చేసేది అన్నం దిగడాన్నీ పిండిపదార్థం రక్తంలోకి చేరడాన్నీ నెమ్మదింపజేయడం వల్ల. కడుపే నెమ్మదించిన మనిషికి మళ్లీ నెమ్మదింపు అక్కర్లేదు. కొవ్వు సంగతీ అంతే. పేగుకు కొవ్వు తగలగానే అది కడుపును ఆగమని సంకేతం పంపుతుంది. నూనె తేలే వేపుళ్లు అందుకే ఎక్కువసేపు నిలుస్తాయి, పాలలో కలిసి ఉన్న కొవ్వు చాలామందికి అంత ఇబ్బంది పెట్టదు.

రేణువు పరిమాణం మీద మంచి ఆధారం ఉంది. స్వీడన్‌లో ఇన్సులిన్ వాడుతున్న 56 మంది గ్యాస్ట్రోపరేసిస్ రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మధుమేహానికి మామూలుగా చెప్పే ఆహారం, రెండో గుంపుకు చెంచాతో నొక్కితే పిండిలా నలిగిపోయే ఆహారం 20 వారాల పాటు ఇచ్చారు. 2014లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం రెండో గుంపులో వికారం, వాంతులు, నిండుదనం, ఉబ్బరం బాగా తగ్గాయి. కడుపునొప్పి తగ్గలేదు. మన వంటింట్లో దీనికి కొత్త పదార్థాలు అక్కర్లేదు. రోలు బలహీనమైంది గనుక ఆ పని పప్పుగుత్తి చేస్తుంది.

తక్కువ తక్కువగా ఎక్కువసార్లు తినమనడం ఎందుకో ఒక చిన్న లెక్కతో చూద్దాం. కడుపు నిమిషానికి 1.5 కేలరీల చొప్పున, అంటే గంటకు 90 కేలరీలు పేగులోకి పంపుతోందని అనుకుందాం. నిజంగా వేగం ఇంత స్థిరంగా ఉండదు, అర్థం కావడానికి మాత్రమే ఈ సరళీకరణ. రోజుకు 1,500 కేలరీలను మూడు పూటలుగా తిని, ఆఖరి భోజనం ఎనిమిదిన్నరకు చేస్తే ఆ క్షణాన కడుపులో 500 ఉంటాయి, పది గంటలకు నడుం వాల్చేసరికి 365 మిగిలి ఉంటాయి. అవే 1,500 కేలరీలను ఉదయం ఏడింటి నుంచి రెండున్నర గంటలకొకసారి 250 చొప్పున ఆరుసార్లు తింటే ఒక్కోసారికి 25 చొప్పున పోగుపడుతూ, రాత్రి ఏడున్నరకు అత్యధికంగా 375కు చేరుతుంది. పది గంటలకు 150 మాత్రమే మిగులుతాయి. గమనించవలసిందేమిటంటే కడుపు వేగం ఏమాత్రం పెరగలేదు. సాగుడు తగ్గింది, పక్క మీదికి మోసుకెళ్లే బరువు తగ్గింది, అంతే. ఆరుసార్లు తింటే జబ్బు నయమవుతుందన్న ప్రచారంలో నిజం లేదని కూడా ఇదే లెక్క చెబుతుంది. పైగా ప్రతి చిన్న భోజనానికీ ఇన్సులిన్ సర్దుకోవలసిన కొత్త పని మొదలవుతుంది.

ఆ సర్దుబాటులో ముఖ్యమైనది సమయం. త్వరగా పనిచేసే ఇన్సులిన్ పావుగంటలో మొదలై, ఒకటి రెండు గంటల్లో పతాకస్థాయికి వెళ్లి, నాలుగు గంటలకల్లా చాలావరకు తగ్గిపోతుంది. అన్నం అప్పటికి ఇంకా సగం దారిలో ఉంటే, తిన్న తరువాత సూది వేసుకోమని గాని, కాస్త నెమ్మదైన ఇన్సులిన్‌కు మార్చి గాని వైద్యులు చూస్తారు. షుగరు పడిపోయినప్పుడు బిస్కెట్ల కంటే నీళ్లలో కలిపిన గ్లూకోజ్ మేలు అనడానికీ మొదట చెప్పిన తేడాయే కారణం. బిస్కెట్టు నలగాలి, గ్లూకోజ్ నీళ్లు నలగనక్కర్లేదు.

కడుపును కదిలించే మందులు, వాటి వెల

కడుపును వేగవంతం చేసే మందులను ప్రోకైనెటిక్స్ అంటారు. ఇవి కొద్దివే, అందులో ఏదీ ఏళ్ల తరబడి నిశ్చింతగా వేసుకోదగ్గది కాదు.

మెటోక్లోప్రమైడ్ డోపమిన్‌ను అడ్డుకుని కడుపు అలలను బలపరుస్తుంది, వికారాన్నీ తగ్గిస్తుంది. అమెరికాలో గ్యాస్ట్రోపరేసిస్‌కు అధికారికంగా ఆమోదం పొందిన మందు ఇదొక్కటే. భోజనానికి అరగంట ముందు 5 నుంచి 10 మిల్లీగ్రాములు ఇవ్వడం వాడుక. దీని చిక్కు మెదడులోకి చేరడం. కొందరిలో నిలకడలేనితనం, వణుకు వస్తాయి. దీర్ఘకాలం వాడినవారిలో మూతి, నాలుక తమంత తామే కదులుతూ ఉండే టార్డివ్ డిస్కైనీసియా వస్తే, మందు ఆపినా అది పోకపోవచ్చు. అందుకే 2009లో అమెరికా ఔషధ సంస్థ 12 వారాలు మించవద్దని తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను చేర్చింది. ఐరోపా సంస్థ 2013లో ఇంకా ముందుకు వెళ్లి అయిదు రోజులకు పరిమితం చేసి, గ్యాస్ట్రోపరేసిస్‌ను ఉపయోగాల జాబితా నుంచే తీసేసింది. ఒకే సమాచారాన్ని చూసి ఒకరు వేరే దారి లేదు గనుక జాగ్రత్తగా వాడమంటే, మరొకరు ప్రయోజనం కంటే ప్రమాదం ఎక్కువన్నారు.

డోంపెరిడోన్ కూడా డోపమిన్‌నే అడ్డుకుంటుంది గాని మెదడులోకి అంతగా చేరదు కనుక వణుకు తక్కువ. అమెరికాలో మామూలు దుకాణంలో దొరకదు, మన దగ్గర మాత్రం వీధి చివర మందుల షాపులో దొరుకుతుంది. దీని ప్రమాదం గుండె లయ మీద. ఈసీజీలో క్యూటీ అనే విరామాన్ని పొడిగించి, కొందరిలో ప్రాణాంతకమైన లయదోషం తేగలదు. ప్రొలాక్టిన్ పెంచడం వల్ల రొమ్ముల నొప్పి, పాలు కారడం కూడా ఉంటాయి. గ్యాస్ గొట్టాలలో కొన్నింట డోంపెరిడోన్ బదులు లెవోసల్పిరైడ్ ఉంటుంది. అది మెదడుకు చేరుతుంది, పెద్దవయసువారిలో పార్కిన్సన్ జబ్బును పోలిన బిగుతు, వణుకు తెచ్చిన సందర్భాలు ఉన్నాయి. తాతగారికి వణుకు వచ్చిందని నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవారు ఆయన రోజూ పరగడుపున వేసుకునే గొట్టం అట్టను కూడా చూపిస్తే మంచిది.

ఎరిత్రోమైసిన్ యాంటీబయాటిక్. తక్కువ మోతాదులో అది మోటిలిన్ అనే హార్మోనును అనుకరించి కడుపును బలంగా ముడుచుకునేలా చేస్తుంది. ఆసుపత్రిలో నరం ద్వారా ఇచ్చినప్పుడు బాగా పనిచేస్తుంది గాని కొన్ని వారాలకే శరీరం అలవాటుపడి ప్రభావం తగ్గుతుంది. ఇది కూడా క్యూటీని పొడిగించేదే. అందువల్ల డోంపెరిడోన్‌తో కలిపితే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. కొలెస్ట్రాల్‌కు వాడే సింవాస్టాటిన్ వంటి మందులతోనూ పొసగదు. మలబద్ధకానికి వాడే ప్రుకలోప్రైడ్ కొందరిలో కడుపునూ వేగవంతం చేస్తున్నట్టు చిన్న ప్రయోగాలలో తేలింది, మధుమేహం ఉన్నవారిలో ఆధారం ఇంకా పలచగానే ఉంది.

వీటన్నిటికీ ఒక ఇబ్బంది ఉమ్మడిది. మాత్ర కూడా కడుపు దాటితేనే రక్తంలోకి చేరుతుంది. దిగని కడుపులో మాత్ర కూడా దిగదు. సిరప్ రూపంలో ఇవ్వడానికీ, భోజనానికి ముందే వేసుకోమనడానికీ అదొక కారణం.

మందులు పనిచేయనప్పుడు పైలోరస్ కండరాన్ని ఎండోస్కోపీ ద్వారా లోపలి నుంచి కోసే జీ-పోయెమ్ అనే పద్ధతి 2013 నుంచి వాడుకలోకి వచ్చింది. ఉత్తుత్తి శస్త్రచికిత్సతో పోల్చిన ఒక చిన్న ప్రయోగం 2022లో వెలువడింది. 41 మందిలో జరిగిన ఆ ప్రయోగంలో ఆరునెలలకు 71 శాతం మందికి మేలు కనిపించింది, ఉత్తుత్తి శస్త్రచికిత్స జరిగినవారిలో 22 శాతానికి. తీవ్రమైన జబ్బు ఉండి, మందులకు లొంగనివారి కోసం ఉద్దేశించిన దారి ఇది.

సరోజ దగ్గరకు వస్తే

ఆమెకు మొదట మార్చినది కడుపు మందు కాదు. అరికాళ్ల మంటకు వాడుతున్న అమిట్రిప్టిలిన్‌ను మెల్లగా తగ్గించి, కడుపును అంతగా నెమ్మదింపజేయని మరొక మందు ఇచ్చారు. పాత గ్యాస్ గొట్టం ఆపారు. రాత్రి సూదిని భోజనం ముగిశాక వేసుకోమన్నారు, మోతాదు తగ్గించారు. రాత్రి భోజనంలో సగం సాయంత్రం ఆరింటికి జరిగింది. ఎనిమిదికి మెత్తగా మెదిపిన పెరుగన్నం, సొరకాయ పప్పు. ఈసీజీ చూశాక, మెటోక్లోప్రమైడ్ సిరప్ ఆరు వారాలు మాత్రమే ఇచ్చి ఆపారు.

మూడో నెలలో ఆమె షుగరు అంకెలు రాసుకున్న పుస్తకంలో రాత్రి పది గంటల అంకె 118, తెల్లవారుజామున ఐదింటిది 171. వాంతి వారం పదిరోజులకొకసారికి తగ్గింది. పెళ్లి భోజనాలలో వేపుడు, పులిహోర తిన్న మరునాడు మాత్రం పాత కథే. స్కాన్ మళ్లీ చేస్తే నాలుగో గంటకు 27 శాతం వచ్చింది. ఆలస్యం అలాగే ఉంది కదా, ఇంక మారిందేమిటని ఆమె అడిగితే, డాక్టరు రిపోర్టు పక్కన పెట్టి ఆ పుస్తకంలో రాత్రి పది గంటల వరస మీద వేలుపెట్టి కిందదాకా జరిపారు. ఆ నెలలో 70 కంటే తక్కువ అంకె ఒక్కటీ లేదు.